పట్టి ఉంచిన గంట, ఖరారైన గంట

విజయవాడలో పనిచేస్తున్న ఒక ఇంజినీరుకు హైదరాబాద్ కంపెనీ నుంచి క్యాలెండర్ ఇన్వైట్ వచ్చిందనుకుందాం. ‘ఫైనల్ రౌండ్ ఇంటర్వ్యూ, గురువారం, ఉదయం 11 గంటలు’ అని ఉంది. ఆమె చూసి `Yes` నొక్కింది. ఆఫీసులో సెలవు అడిగింది. బుధవారం రాత్రి బండికి టికెట్ తీసుకుంది. మంగళవారం సాయంత్రం ఇంకో మెయిలు వచ్చింది: ఆ రోజు కుదరడం లేదు, మరో తేదీ చెబుతాం.

అటువైపు జరిగింది ఇది. ఇంటర్వ్యూ చేయాల్సినవాళ్లు ముగ్గురు. అందులో ఒకరు చికాగోలో క్లయింటు దగ్గర ఉన్నారు, తిరుగు ప్రయాణం ఇంకా తేలలేదు. ఆయన వచ్చేదాకా ఆగితే మిగతా ఇద్దరి గురువారం వేరే మీటింగులతో నిండిపోతుంది. అందుకని సమన్వయం చూసే ఉద్యోగి ముగ్గురి క్యాలెండర్లలోనూ ఆ గంటను ముందే పట్టి ఉంచాడు, అదే ఇన్వైట్‌లో అభ్యర్థిని కూడా చేర్చాడు. అతను అబద్ధమేమీ చెప్పలేదు. అతని మనసులో స్పష్టంగా ఉన్న ‘ఇంకా తేలలేదు’ అన్న ముక్క ఇన్వైట్‌లో మాత్రం ఎక్కడా లేదు. ఆ ముక్క లేకపోవడం వల్ల సెలవూ టికెట్టూ పోగొట్టుకున్నది ఆమె.

ఇలా ముందుగా సమయం పట్టి ఉంచడాన్ని ఆఫీసుల్లో హోల్డ్ పెట్టడం అంటారు, బ్లాక్ చేయడం అంటారు. అందులో తప్పేమీ లేదు. ముగ్గురు నలుగురు ఒకచోట కూడాల్సిన ఏ పనికైనా అది తప్పదు కూడా. చిక్కంతా దాన్ని రాసే తీరులో ఉంది. ఖరారైన ఇన్వైట్, ఖరారు కాని ఇన్వైట్ చూడ్డానికి ఒకేలా ఉంటే, అందుకున్న మనిషి దాన్ని ఖరారైనదిగానే తీసుకుంటాడు. అందులో అతని తప్పు లేదు.

క్యాలెండర్ యాప్‌లకు ఈ తేడా తెలియదా అంటే, తెలుసు. ఒక యాప్ నుంచి మరో యాప్‌కు మీటింగు వివరాలు వెళ్లడానికి ఐక్యాలెండర్ అనే ఉమ్మడి పద్ధతి ఉంది. అది 1998లో మొదట ప్రమాణంగా వచ్చింది, 2009లో సవరించారు. అందులో ఈ రెండు సంగతులకూ వేర్వేరు చోట్లు పెట్టారు.

```
STATUS:TENTATIVE
PARTSTAT=TENTATIVE
```

పై పంక్తి మీటింగు గురించి చెబుతుంది: ఈ మీటింగే ఇంకా ఖరారు కాలేదు. కింది ముక్క పిలుపు అందుకున్న మనిషి గురించి చెబుతుంది: ఈయన వస్తాడో రాడో తేల్చలేదు. రెండూ పూర్తిగా వేరు. మొదటిదానిలో సందేహం పిలిచినవాళ్లది, రెండోదానిలో సందేహం పిలిపించుకున్నవాళ్లది.

అయితే మనం రోజూ చూసే తెరల మీద కనిపించేది ఎక్కువగా రెండోదే. గూగుల్ క్యాలెండర్‌లో ఇన్వైట్ అందుకున్నవాళ్లకు `Yes`, `No`, `Maybe` అని మూడు బటన్లు ఉంటాయి. పంపేవాళ్లు మీటింగు తయారు చేసే చోట మాత్రం ఆ సమయాన్ని `Busy` అని చూపాలా `Free` అని చూపాలా అన్న ఎంపికే ఉంటుంది. ‘నేనే ఇంకా ఖరారు చేయలేదు’ అని గుర్తు పెట్టే చోటు లేదు. అవుట్‌లుక్ కొంత నయం. అక్కడ `Show As` అనే చోట `Tentative` ఎంచుకోవచ్చు, అప్పుడు క్యాలెండర్‌లో ఆ గంట నిండు రంగుతో కాకుండా గీతలతో కనిపిస్తుంది. కానీ అందులో ఒక మెలిక ఉంది. జవాబివ్వని ఇన్వైట్లను కూడా అవుట్‌లుక్ అందుకున్నవారి క్యాలెండర్‌లో అదే గుర్తుతో చేరుస్తుంది. కాబట్టి ఆ గీతలు చూసి ‘నేనింకా జవాబివ్వలేదు కదా, అందుకే ఇలా ఉంది’ అనుకుంటారు తప్ప, ‘పంపినవాళ్లే తేల్చుకోలేదు’ అని ఎవరికీ తోచదు. గుర్తు పెట్టడం మంచిదే, పక్క సీటు వాళ్లు ఖాళీ ఉందా అని వెతికినప్పుడు అది ఉపయోగపడుతుంది. దాని మీదే ఆధారపడితే మాత్రం సంగతి అవతలివారికి చేరదు.

అంటే ఈ బరువు మాటలే మోయాలి. అందులోనూ ముందుగా శీర్షిక మోయాలి, ఎందుకంటే చాలామంది చూసేది శీర్షికనే. ఫోన్ మూసి ఉన్నప్పుడు తెర మీద వచ్చేది శీర్షిక. నెల మొత్తం చూపించే పేజీలో అయితే అదీ పూర్తిగా ఉండదు, గడిలో పట్టినన్ని అక్షరాలే కనిపిస్తాయి. ‘ఫైనల్ రౌండ్ ఇంటర్వ్యూ – ప్యానెల్ – ఖరారు కాలేదు’ అని రాస్తే ఫోన్‌లో ‘ఫైనల్ రౌం’ దగ్గర తెగిపోతుంది. అసలు చెప్పాల్సింది చివర ఉంది కాబట్టి అదే పోయింది. కాబట్టి ఖరారు కాలేదన్న మాట శీర్షికలో మొట్టమొదట రావాలి. ఇంగ్లిష్‌లో రాసే ఆఫీసుల్లో శీర్షిక ముందు `HOLD:` అని పెట్టే అలవాటు అందుకే వచ్చింది. ఆ అలవాటు ఉన్నవాళ్ల మధ్య అది చాలు. బయటివారికి, మొదటిసారి అలాంటిది చూసేవారికి అది సరిపోదు. వారికి ‘ఖరారు కాలేదు:’ అని తెలుగులోనో, `NOT CONFIRMED:` అనో విడమరచి రాస్తేనే అర్థమవుతుంది.

ప్రశ్నార్థకం మాత్రం ఈ పని చేయదు. ‘ఇంటర్వ్యూ?’ అని రాస్తే అది అవతలివారిని అడిగిన ప్రశ్నలా ఉంటుంది. ‘నాకు వీలే’ అని వాళ్లు జవాబిస్తారు, దాంతో సంగతి తేలిపోయిందనుకుంటారు.

మన మాటతీరులో ఇదే చిక్కు ఇంకా పెద్దగా ఉంది. మెయిల్లోనో వాట్సాప్‌లోనో మనం మర్యాదగా రాసే వాక్యం ఒకటుంది: ‘వీలైతే గురువారం 11 గంటలకు కలుద్దామండీ.’ ఈ ‘వీలైతే’ ఎవరి వీలు? రాసినవాడు తన వీలు గురించే అనుకుని ఉండొచ్చు, ‘మా పెద్దాయన అప్పటికి ఊళ్లోకి వస్తే’ అని అతని ఉద్దేశం. చదివేవాళ్లకు అది తమ వీలును అడిగినట్టే వినిపిస్తుంది, తెలుగులో ఆ మాటను సాధారణంగా వాడేది అందుకే. ‘తప్పకుండా అండీ, నాకు వీలే’ అంటారు. ఆ జవాబుతో తమ వైపు షరతు తీరిపోయింది, ఇక గురువారం ఖాయమని నమ్ముతారు. ‘అనుకుంటున్నాం’, ‘చూద్దాం’, ‘దాదాపుగా’ అనే మాటలూ ఇంతే. అవి వాక్యాన్ని మెత్తబరుస్తాయి, సందేహం ఎవరి దగ్గర ఆగి ఉందో చెప్పవు. పెద్దవాళ్లతోనో కొత్తవాళ్లతోనో మాట్లాడుతున్నామన్న గౌరవంతో వాక్యాన్ని మెత్తబరచాలనిపించడం నాకు అర్థమవుతుంది. కానీ ఇక్కడ ఎదుటివారికి ఇవ్వాల్సిన గౌరవం ఉన్నది ఉన్నట్టు చెప్పడంలోనే ఉంది. ‘అండీ’ ఉంచండి, ‘దయచేసి’ ఉంచండి. షరతును మాత్రం నేరుగా చెప్పండి: ‘మా వైపు ఇంకా ఖరారు కాలేదండీ.’

‘మా వైపు’ అన్న రెండు మాటలు చాలా పని చేస్తాయి. అవి లేకపోతే ఆలస్యం తనవల్లేనేమో, తన జవాబు కోసమే చూస్తున్నారేమో అని అభ్యర్థి అనుకుంటుంది. ఉంటే, తాను చేయాల్సిందేమీ లేదని, ఎదురు చూస్తే చాలని తెలుస్తుంది.

ఇప్పుడు ఆ ఇంటర్వ్యూనే సరిగ్గా రాసి చూద్దాం. పట్టి ఉంచాల్సినవి రెండు సమయాలు: గురువారం 12వ తేదీ ఉదయం 11, లేదా మంగళవారం 17వ తేదీ ఉదయం 11. చికాగోలో ఉన్నాయన ముందుగా వస్తే మొదటిది, లేకపోతే రెండోది. ప్యానెల్‌లోని ముగ్గురికీ వెళ్లే ఇన్వైట్ శీర్షిక ఇలా ఉండొచ్చు: ‘ఖరారు కాలేదు (2లో 1): ఫైనల్ రౌండ్ ఇంటర్వ్యూ’. రెండోదానికి ‘2లో 2’ అని మారుతుంది. ఆ అంకెలు లేకపోతే రెండు ఇన్వైట్లు అందుకున్న మనిషి రెండు ఇంటర్వ్యూలున్నాయనుకునే ప్రమాదముంది.

లోపల రాసే మాటలు ఇవి:

‘ఈ గంటను ప్రస్తుతానికి ఖాళీగా ఉంచమని మాత్రమే ఈ ఇన్వైట్. ఇంటర్వ్యూ గురువారం 12న గానీ మంగళవారం 17న గానీ, రెండింటిలో ఒక్కరోజే జరుగుతుంది. డైరెక్టర్ గారి తిరుగు ప్రయాణం తేలగానే నిర్ణయిస్తాం. సోమవారం 9వ తేదీ సాయంత్రం 5 గంటలలోపు ఏ రోజో నేను తెలియజేస్తాను. అప్పటికి నా నుంచి కబురు లేకపోతే గురువారం లేదని అనుకోండి, ఆ గంటను మీరు వేరే పనికి వాడుకోవచ్చు. ఈ రెండింటిలో ఏదైనా మీకు అసలు కుదరకపోతే ఇప్పుడే చెప్పండి.’

ఇందులో ఉన్నవి మామూలు వాక్యాలే. అయినా ప్రతిదానికీ ఒక పనుంది. ఏమిటి అడ్డమో చెప్పడం వల్ల అది వ్యక్తిగతమైనది కాదని తెలుస్తుంది. ఎవరు తేలుస్తారో ‘నేను’ అని చెప్పడం వల్ల, మరెవరో చెబుతారులే అని అందరూ ఊరుకునే పరిస్థితి రాదు. ‘తెలియజేయబడుతుంది’ అని రాస్తే తెలియజేసే మనిషి మాయమవుతాడు, చాలాసార్లు తెలియజేయడమూ మాయమవుతుంది. చివరి వాక్యం కుదరనివాళ్లకు ముందే తలుపు తెరుస్తుంది.

అన్నిటికంటే విలువైనది, ఎక్కువమంది వదిలేసేది, గడువు. గడువు లేని హోల్డ్‌ను అవతలివారు ఏమీ చేసుకోలేరు. ఆ గంటను వాడుకోనూ లేరు, నమ్మనూ లేరు. గడువు దాటితే ఏమవుతుందో కూడా చెప్పి తీరాలి. రైల్వే వెయిటింగ్ లిస్టు టికెట్‌ను గుర్తు చేసుకుంటే ఇది సులువుగా అర్థమవుతుంది. టికెట్ మీదే `WL` అని ఉంటుంది, అది బెర్తు కాదని కొన్న క్షణం నుంచే తెలుసు. చార్టు తయారయ్యాక సంగతి తేలుతుందనీ తెలుసు. ఆన్‌లైన్‌లో తీసుకున్న టికెట్ చార్టు తర్వాత కూడా పూర్తిగా వెయిటింగ్‌లోనే ఉండిపోతే దానంతటదే రద్దవుతుంది, డబ్బు వెనక్కి వస్తుంది. స్థితి, తేలే సమయం, తేలకపోతే జరిగేది, ఈ మూడూ ముందే తెలుసు కాబట్టే కోట్లమంది ఆ అనిశ్చితితో కూడా ప్రయాణాలు వేసుకోగలుగుతున్నారు.

గడువును ఎక్కడ పెట్టాలన్నది మన సౌకర్యాన్ని బట్టి తేల్చేది కాదు. అవతలివారు డబ్బో సెలవో ఖర్చుపెట్టాల్సిన క్షణం ఏదో చూసి, అక్కడినుంచి వెనక్కి లెక్కపెట్టాలి. మన అభ్యర్థి గురువారం ఉదయం 11కి హైదరాబాద్‌లో ఉండాలంటే బుధవారం రాత్రి బండెక్కాలి. మామూలు టికెట్ దొరక్కపోతే తత్కాల్ మిగులుతుంది. అది ప్రయాణానికి ముందురోజు, అంటే మంగళవారం, ఏసీ తరగతులకు ఉదయం 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు తెరుచుకుంటుంది. సోమవారం సాయంత్రం 5కి ఖరారు చెబితే ఆమెకు ఆ దారి ఉంది. మంగళవారం సాయంత్రం చెబితే అదీ దాటిపోయింది. ప్యానెల్‌లో కూర్చునే ముగ్గురికి సోమవారమైనా మంగళవారమైనా పెద్ద తేడా లేదు, వాళ్లు లిఫ్టెక్కి రావడమే కదా. తేడా అంతా దూరం నుంచి వచ్చే మనిషికే. కాబట్టి గడువు ఆమెను చూసి పెట్టాలి.

అసలు అభ్యర్థికి క్యాలెండర్ ఇన్వైట్ పంపాలా అన్నది ఇంకో ప్రశ్న. నా అభిప్రాయం గట్టిగానే ఉంది: ఖరారు కాకముందు పంపకూడదు. ఆఫీసులో కలిసి పనిచేసేవాళ్లకు హోల్డ్ అంటే తెలుసు, వాళ్లు పోగొట్టుకునేది మహా అయితే ఒక గంట. బయటి మనిషికి ఇన్వైట్ అంటే పిలుపే. జవాబివ్వకముందే అది ఆమె ఫోన్‌లోని క్యాలెండర్‌లో చేరిపోవచ్చు, లోపలి వివరణ చదవకుండానే శీర్షిక కంటపడవచ్చు. ఆమెకు పంపాల్సింది మామూలు మెయిలో సందేశమో:

‘నమస్కారం అండీ. ఫైనల్ రౌండ్ కోసం గురువారం 12, మంగళవారం 17, రెండు రోజులు చూస్తున్నాం, రెండూ ఉదయం 11 గంటలకే. మా వైపు ఇంకా ఖరారు కాలేదు, కాబట్టి దయచేసి ఇప్పుడే సెలవు పెట్టవద్దు, టికెట్ తీసుకోవద్దు. ఏ రోజన్నది సోమవారం 9వ తేదీ సాయంత్రం 5 లోపు నేనే చెబుతాను. ఈ రెండు రోజుల్లో మీకు కుదరనిది ఏదైనా ఉంటే ముందే చెప్పగలరా?’

‘సెలవు పెట్టవద్దు, టికెట్ తీసుకోవద్దు’ అన్న వాక్యాన్ని చాలామంది రాయరు. అంత విడమరచి చెబితే ఎదుటివారిని చిన్నబుచ్చినట్టవుతుందేమో అని జంకుతారు. కానీ ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న మనిషి, అందులోనూ పెద్ద కంపెనీ నుంచి కబురొచ్చిన మనిషి, సందేహంగా ఉన్న మాటను తనకు ఖాయంగానే చదువుకుంటుంది. వెనకబడితే అవకాశం పోతుందన్న భయం అలా చదివిస్తుంది. ఏం చేయకూడదో స్పష్టంగా చెప్పడం ఒక్కటే ఆ భయానికి విరుగుడు.

ఇక ప్యానెల్ వైపు ఒక సంగతి. ముగ్గురూ `Accept` నొక్కారనుకోండి. పంపినవారి తెర మీద మూడు పేర్ల పక్కనా అంగీకార గుర్తులు పడతాయి. కొద్దిరోజులు గడిచాక ఆ గుర్తులు చూసినవాళ్లు మీటింగు ఖాయమైందనే అనుకుంటారు, ఒక్కోసారి పెట్టినవాడే పొరపడతాడు. ఆ అంగీకారానికి అర్థం ‘ఆ గంట ఖాళీగా ఉంచాం’ అన్నంతవరకే. అందుకే శీర్షికలో ‘ఖరారు కాలేదు’ అన్న మాట ఉన్నంతకాలం, ఎందరు అంగీకరించినా, అది ఖరారు కాలేదనే లెక్క ఒకటి ఆఫీసులో అందరికీ తెలిసి ఉండాలి. స్థితిని చెప్పేది శీర్షిక మాత్రమే, దాన్ని మార్చేది పంపినవాడు మాత్రమే.

ఒకే పనికి ఎన్ని సమయాలు పట్టి ఉంచవచ్చు? ముగ్గురికి ఐదు సమయాలు పడితే పదిహేను గంటలు మూసినట్టు. వాటిలో పన్నెండు చివరికి వృథాగా తెరుచుకుంటాయి, ఈలోగా ఇంకెవరో ఆ గంటల కోసం వెతుకుతూ ఖాళీ లేదని వెనుదిరిగి ఉంటారు. రెండు సరిపోతాయి, మరీ తప్పకపోతే మూడు. అంతకుమించి అవసరమనిపిస్తే సమయం పట్టే దశ ఇంకా రాలేదని అర్థం. ముందు ఎవరెవరు ఎప్పుడు ఖాళీయో అడిగి తెలుసుకోవాలి.

సోమవారం వచ్చింది. డైరెక్టర్ గారు బుధవారానికి దిగుతున్నారని తేలింది, గురువారమే ఖాయం. ఇప్పుడు చేయాల్సిన పనులకు ఒక వరుస ఉంది, అది తప్పితే చేసిన మేలంతా చెడుతుంది. ముందుగా గురువారం ఇన్వైట్‌ను తెరిచి, అదే ఇన్వైట్ శీర్షికను ‘ఖరారైంది: ఫైనల్ రౌండ్ ఇంటర్వ్యూ’ అని మార్చాలి. కొత్త ఇన్వైట్ పెడితే పాతదీ కొత్తదీ పక్కపక్కన నిలిచి మళ్లీ గందరగోళమే. మార్చాక భద్రపరిచేటప్పుడు, అందరికీ ఈ మార్పు తెలిపే మెయిలు పంపాలా అని యాప్ అడిగితే పంపమనే చెప్పాలి. చప్పుడు లేకుండా శీర్షిక మారిస్తే క్యాలెండర్‌లో మాట మారుతుంది, ఎవరి చెవినా పడదు. `Show As` లో `Tentative` పెట్టి ఉంటే దాన్ని `Busy` గా మార్చడమూ ఇప్పుడే.

ఆ తర్వాతే మంగళవారం ఇన్వైట్‌ను తీసేయాలి. వరుస తిరగబడి, రద్దు మెయిలు ముందు వెళ్లిందనుకోండి. శీర్షిక ముందు `Canceled` అని పడి, వెనకాల ఇంటర్వ్యూ అని ఉన్న మెయిలు ముగ్గురికీ వెళుతుంది. ఖరారు మెయిలు ఇంకా రాలేదు కాబట్టి ఇంటర్వ్యూయే ఎత్తేశారనుకుని ఎవరో గురువారం గంటను వేరే పనికి ఇచ్చేస్తారు. రద్దు పంపేటప్పుడు లోపల ఒక వాక్యం కలపడం మేలు: ‘గురువారం ఖరారైంది కాబట్టి ఈ మంగళవారం గంటను వదిలేస్తున్నాం.’ అభ్యర్థికి అసలైన ఇన్వైట్ వెళ్లాల్సింది ఇప్పుడు. దానితోపాటు ‘ఇది ఖరారు, ఇక టికెట్ తీసుకోవచ్చు’ అని ఒక ముక్క కూడా వెళ్లాలి.

సోమవారం 5 గంటలకు కూడా ఏమీ తేలకపోతే? అప్పుడు గురువారాన్ని వదిలేయాలి. ‘ఇంకో పూట చూద్దాం’ అనిపిస్తుంది, అవకాశం ఉందేమో అని ఆశ ఉంటుంది. కానీ కబురు లేకపోతే గురువారం లేదనుకోండి అని మనమే రాశాం, ఆ మాటను నమ్మి ఎవరో ఆ గంటను వేరేవారికి ఇచ్చి ఉంటారు. గడువును ఒకసారి దాటనిస్తే ఆ తర్వాత మనం పెట్టే ఏ గడువునూ ఎవరూ లెక్కచేయరు. తేలకపోయిన సంగతిని కూడా ఆ 5 గంటలకు చెప్పాలి: ‘గురువారం కుదరలేదు, వదిలేస్తున్నాం. మంగళవారం ఖరారో కాదో శుక్రవారం 13వ తేదీ సాయంత్రం 5 లోపు చెబుతాను.’

ఇలాంటి అస్పష్టమైన ఇన్వైట్ మన దగ్గరికే వచ్చినప్పుడు, టికెట్ తీసుకునేముందు ఒక్క వాక్యం వెనక్కి రాయడానికి మొహమాటపడనక్కర్లేదు: ‘ఈ సమయం మీ వైపు ఖరారైనట్టేనా అండీ? కాకపోతే ఎప్పటికి తెలుస్తుందో చెబితే నేను ప్రయాణం చూసుకుంటాను.’ పంపినవాళ్లు మరచిపోయిన స్థితి, గడువు రెండూ ఆ జవాబుతో బయటికొస్తాయి.